ఆరు లక్షల కోపం, నాలుగు లక్షల ఐదు వేల తొమ్మిది వందల నోటీసు

ఇది 2024 జూన్‌లో నా దగ్గరికి వచ్చిన కేసు. క్లయింట్‌ని అడిగే రాస్తున్నా, కానీ ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు, అంకెలు మార్చాను. నాకు విశాఖ మహారాణిపేటలో చిన్న ఆఫీసు ఉంది, ఎక్కువగా రికవరీ కేసులు, చెక్ బౌన్సులు, కాంట్రాక్టు గొడవలు చూస్తాను. ఈ కేసు కోర్టు దాకా వెళ్ళలేదు, అసలు నా వకాలతు కూడా పడలేదు, మొత్తం వ్యవహారం రెండు ఉత్తరాల్లో తేలిపోయింది. అందులో మొదటి ఉత్తరం ఫెయిలవ్వడానికి కారణం నేనే, రాయాలనిపించింది కూడా అందుకే.

క్లయింట్‌ది ఆటోనగర్‌లో అట్టపెట్టెలు చేసే యూనిట్. మిషన్లు తక్కువే, పది పన్నెండు మంది పనివాళ్ళు, ఆయనా ఆయన కొడుకూ చూసుకుంటారు. రొయ్యలు ఎక్స్‌పోర్ట్ చేసే ఒక కంపెనీకి మూడేళ్ళుగా మాస్టర్ కార్టన్లు సప్లై చేస్తున్నారు. 2023 అక్టోబర్ నుంచి 2024 జనవరి వరకు నాలుగు బిల్లులు, వరసగా 1,12,000, 1,48,000, 1,86,000, 94,000, జీఎస్టీతో కలిపి మొత్తం 5,40,000. ఫిబ్రవరిలో ఏ బిల్లుకో చెప్పకుండా ఒక లక్ష వేశారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

ఆయన వచ్చేటప్పటికే ఉత్తరం రాసుకుని వచ్చారు. నాలుగు పేజీలు, చేత్తో, కొన్నిచోట్ల పెన్ను కాగితాన్ని చింపేసింది కూడా. "సార్, ఇది మీ లెటర్‌హెడ్ మీద టైపు చేయించి పంపేయండి, ఒక్క ముక్క కూడా తీయొద్దు" అన్నారు. నేను మొత్తం చదివాను. పర్చేజ్ మేనేజర్‌ని పేరుపెట్టి "నువ్వు మనిషివేనా" అని మొదలైంది, "మీరంతా మోసగాళ్ళు", "15వ తారీఖు లోపు ఇవ్వకపోతే మీ గేటు ముందు టెంటేసి కూర్చుంటాను, మీడియాని పిలుస్తాను, పోలీస్ కేసు పెడతాను, మీ ఎక్స్‌పోర్ట్ లైసెన్సు క్యాన్సిల్ చేయిస్తాను" ఇలా సాగింది. చివర్లో కాపీ ఎవరెవరికి అని ఒక లిస్టు, అందులో ఎక్స్‌పోర్టర్ల అసోసియేషను, ఆటోనగర్ వాట్సాప్ గ్రూపు కూడా ఉన్నాయి.

కోపం తప్పు అని ఆయనకి చెప్పలేదు. నలభై లక్షలు అప్పు పెట్టి యూనిట్ నడుపుతున్న మనిషికి నాలుగు లక్షలు నాలుగు నెలలు ఆగిపోతే ఏమవుతుందో నాకు తెలుసు, పేపర్ మిల్లు వాడు ఈయన మెడమీద కూర్చుంటాడు కదా. నేను అడిగింది ఒక్కటే, "ఇందులో రేపు ఎవరైనా చూపించమంటే కాగితం చూపించగలిగే వాక్యాలు ఏవి?" అని. పెన్సిల్ తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. నాలుగు పేజీల్లో అలా మిగిలినవి తొమ్మిది వాక్యాలు.

తీసేసిన వాటిలో రెండు రకాలున్నాయి, రెండింటికీ కారణాలు వేరు. "మోసగాళ్ళు" అనేది తిట్టు మాత్రమే కాదు, అది ఒక ఆరోపణ. చీటింగ్ అవ్వాలంటే మొదట సరుకు తీసుకునేటప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉండాలి. మూడేళ్ళు డబ్బులు కట్టి, మొన్న ఫిబ్రవరిలో కూడా లక్ష వేసిన కంపెనీ మీద ఆ మాట నిలబడదు, నిలబడకపోగా అదే ఉత్తరం అసోసియేషన్‌కి, వాట్సాప్ గ్రూపుకి వెళ్తే అవతలివాళ్ళకి పరువునష్టం కేసు వేసుకునే అవకాశం మనమే ఇచ్చినట్టు. బాకీ ఉన్నవాడికి మాత్రమే పంపిన ఉత్తరం వేరు, పదిమందికి పంపిన ఉత్తరం వేరు. ఈ ఒక్క కారణానికే కాపీల లిస్టు మొత్తం కొట్టేశాను.

రెండోది బెదిరింపులు. లైసెన్సు క్యాన్సిల్ చేయించడం ఈయన చేతిలో లేదు, టెంటు ఈయన వేయడు (ఆయన కొడుకే అన్నాడు, "నాన్న వేస్తే మిషను ఎవరు చూస్తారు సార్" అని), పోలీసులు దీన్ని సివిల్ వ్యవహారం అని తిప్పి పంపిస్తారు. చేయలేని నాలుగు పనులు రాస్తే అవతలి అకౌంట్స్ ఆఫీసర్ నవ్వుకుని ఫైల్లో పెడతాడు. చేయగలిగింది ఒకటి రాసి, ఆ తేదీ దాటగానే నిజంగా చేస్తే వాడు మళ్ళీ చదువుతాడు. అందుకని నాలుగింటి బదులు ఒకటి వెతికాం.

ఆ ఒకటి దొరికింది ఉద్యమ్ సర్టిఫికెట్‌లో, అంటే చిన్న యూనిట్లకి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ కాగితంలో. యూనిట్ మైక్రో ఎంటర్‌ప్రైజ్‌గా 2021లోనే రిజిస్టర్ అయి ఉంది, అంటే ఈ నాలుగు సప్లైలకి ముందే, పైగా ట్రేడింగ్ కాదు, తయారీ. ముందే రిజిస్టర్ అయి ఉండటం నేను మొట్టమొదట చూసే విషయం, ఎందుకంటే సరుకు ఇచ్చేశాక తీసుకున్న రిజిస్ట్రేషన్‌తో పాత బిల్లులకి చిన్న యూనిట్ల కోసం ఉన్న ఎంఎస్ఎంఈడీ చట్టం వాడుకోవడం కష్టం, సుప్రీంకోర్టు 2021లో ఒక కేసులో ఆ మాట చెప్పింది. ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006, సెక్షన్ 15 ప్రకారం మైక్రో, స్మాల్ యూనిట్లకి కొన్నవాడు రాతపూర్వకంగా ఒప్పుకున్న గడువులో కట్టాలి, ఆ గడువు ఎంతున్నా 45 రోజులు దాటకూడదు, అసలు గడువే రాసుకోకపోతే 15 రోజులు. మన పర్చేజ్ ఆర్డర్‌లో "పేమెంట్ 60 రోజులు" అని ఉంది. ఆయన అదే చట్టమనుకుని 60 రోజులు లెక్కేసుకుంటున్నారు, నేను 45కి తగ్గించాను. గడువు దాటితే సెక్షన్ 16 ప్రకారం ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. అప్పుడు బ్యాంక్ రేటు 6.75 శాతం, అంటే ఏడాదికి 20.25.

ఇక్కడ ఆయనకి ఒక చిన్న నిరాశ. ఆయన బిల్లు అడుగున "ఆలస్యమైతే 24 శాతం వడ్డీ" అని ప్రింటు చేసి ఉంటుంది, అదే వేయమన్నారు. కానీ ఆ లైను మన బిల్లు మీద మనమే కొట్టుకున్నది, కంపెనీ ఎక్కడా ఒప్పుకుని సంతకం పెట్టలేదు, వాళ్ళ ఆర్డర్‌లో అది లేదు. ఆ లైను కోసం వాదించే బదులు చట్టంలో ఉన్నది అడిగితే వాదనే ఉండదు. ఉదాహరణకి నాలుగో బిల్లు 94,000, దాని 45 రోజులు మార్చి 5కి అయిపోయాయి, జూన్ 5 దాకా మూడు నెలలకి చట్టం ప్రకారం సుమారు 4,840 అవుతుంది, 24 శాతం బారు వడ్డీతో 5,640. ఎనిమిది వందల తేడా కోసం ఉత్తరం మొత్తం అనుమానంలో పడటం నాకు ఇష్టం లేదు.

ఆయన డ్రాఫ్ట్‌లో మొత్తం "సుమారు 6 లక్షలు" అని ఉంది. విడదీస్తే తేలింది ఏమిటంటే అసలు బాకీ 4,40,000, ప్రింటింగ్ బ్లాకుల ఖర్చు 35,000 (బిల్లు వేయలేదు), మిగతా 1,25,000 ఆయన బ్యాంకుకి కట్టిన వడ్డీ, తిరిగిన పెట్రోలు, మానసిక క్షోభ. బిల్లు లేనివన్నీ తీసేశాను. లక్ష రూపాయల పేమెంటు ఏ బిల్లుకో వాళ్ళు చెప్పలేదు కాబట్టి పాత బిల్లుకే జమ చేశాను, మొదటి బిల్లులో 12,000 మిగిలింది. ఆయన దాన్ని పెద్ద బిల్లుకి జమ చేద్దామన్నారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఎవరి లెటర్‌హెడ్ అన్నది కూడా కాసేపు ఆలోచించాం. అడ్వకేట్ నోటీస్ వెళ్తే కంపెనీ నేరుగా వాళ్ళ లాయర్‌కి ఇస్తుంది, ఆయన పనే జవాబివ్వడం, పది ఖండనలతో ఒక జవాబు వస్తుంది, డబ్బు రాదు. ఈయనకేమో ఆ కంపెనీ ఆర్డర్లు మళ్ళీ కావాలి. అందుకని యూనిట్ లెటర్‌హెడ్ మీద, ఆయన సంతకంతో, పర్చేజ్ మేనేజర్‌కి కాకుండా కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి, అకౌంట్స్ హెడ్‌కి ఈమెయిల్ కాపీతో పంపాలని తేల్చాం. పర్చేజ్ మేనేజర్‌కి డబ్బులు విడుదల చేసే అధికారమే లేదు, ఇన్నాళ్ళూ ఆయన్నే తిడుతున్నారు పాపం.

మొదటి ఉత్తరం జూన్ 10న వెళ్ళింది. ఇంగ్లీషులో, ఒక పేజీ, వెనక స్టేట్‌మెంట్. నేను చాలా శుభ్రంగా రాశాననుకున్నా. ఆయన చదివి "ఏటి సార్ ఇది, పెళ్ళి శుభలేఖలా ఉంది" అన్నారు. నిజమే, "మా అభ్యర్థనను దయతో పరిశీలించి సహకరించగలరని ఆశిస్తున్నాము" లాంటిది చివర పడింది, పైగా గడువు తేదీ బదులు "త్వరలో" అని ఉంది. కోపం తీసేసే తొందరలో ఎముక కూడా తీసేశాను.

కానీ అసలు దెబ్బ అది కాదు. వారం తర్వాత జూన్ 17న జవాబు వచ్చింది, రెండు పేరాలే. "మీ 1,86,000 బిల్లు సరుకులో 1,100 పెట్టెలు కోల్డ్ స్టోరేజ్‌లో నలిగిపోయాయి, అప్పుడే తెలియజేశాం, మీ లెక్కలో ఆ ప్రస్తావనే లేదు, ముందు లెక్కలు సరిచూసుకుందాం, అప్పటిదాకా పేమెంట్ కుదరదు." కింద ఫోటోలు. సరుకు అందిన తొమ్మిదో రోజు వాళ్ళ స్టోర్స్ ఇన్‌చార్జ్ మన ఓనర్‌కి వాట్సాప్‌లో పంపినవే అవి, దాని కింద ఈయన "చూస్తాను సార్" అని పెట్టిన మెసేజ్ కూడా ఉంది.

నేను ఆయన్ని పిలిచి అడిగితే కాసేపు ఫ్యాన్ వైపు చూశారు. తర్వాత చెప్పారు, ఆ లాట్‌కి టైముకి పేపర్ దొరక్క 180 జీఎస్ఎమ్ బదులు 150 వేశామని. జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరుకి పేపర్ బరువు, అది తగ్గితే అట్ట తేమకి తొందరగా మెత్తబడుతుంది, ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు కింద వరస కూర్చుండిపోతుంది. రొయ్యల కోల్డ్ స్టోరేజ్‌లో తేమ ఎలాగూ ఉంటుంది. "మీకెందుకు చెప్పలేదు" అంటే "మీరు అడగలేదు కదండి" అన్నారు. అదీ నిజమే. బిల్లులు, చలానాలు, ఈ-వే బిల్లులు అన్నీ అడిగాను, వాట్సాప్ అడగలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా మొదట అడిగేది అవతలివాళ్ళతో జరిగిన మొత్తం చాట్, ఎక్స్‌పోర్ట్ చేసి, ఒక్క మెసేజ్ కూడా తీసేయకుండా.

ఇక్కడ మూడు దారులు కనిపించాయి. ఫిర్యాదు లేనట్టే మళ్ళీ గట్టిగా అడగడం, లేదా "మా సరుకులో లోపం లేదు" అని ఖండించడం, లేదా ఆ ముక్కని విడదీయడం. మొదటిది కుదరదు, ఎందుకంటే సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే ఆ అభ్యంతరాన్ని సప్లయర్ తీర్చిన రోజునే సరుకు అంగీకరించినట్టు లెక్క, అంటే ఆ పెట్టెల మీద మన గడియారం ఇంకా మొదలే కాలేదని వాళ్ళు వాదించగలరు. వాట్సాప్ రాతపూర్వకం కాదని నేను వాదించొచ్చు, కానీ "చూస్తాను సార్" అని జవాబిచ్చాక ఆ వాదన నాకే సిగ్గనిపించింది. రెండోది అబద్ధం, అబద్ధం అని నాకు తెలిశాక నేను రాయను. ఆయన కొడుకు మాత్రం "నిరూపించమనండి సార్" అన్నాడు. పెట్టె ల్యాబ్‌కి పంపితే అరగంటలో నిరూపణ అవుతుంది బాబూ అన్నాను.

కాబట్టి మూడోది. పెట్టె ఒకటి 31 రూపాయలు, 1,100 పెట్టెలంటే 34,100. అది పక్కన పెడితే గొడవ లేని బాకీ 4,05,900 మిగులుతుంది. వాళ్ళు 34,100 సాకు చూపించి నాలుగు లక్షలు ఆపుతున్నారు, ఆ సాకుని మనమే ముందుగా చేతిలో పెట్టేస్తే మిగతా డబ్బు ఆపడానికి కారణం ఏదీ ఉండదు. ఈ ఆలోచన ఆయనకి నచ్చడానికి ఒక సాయంత్రం పట్టింది, "మనమే తప్పు ఒప్పుకున్నట్టు కదండి" అంటారు. ఒప్పుకోవడం లేదు, విడిగా చూద్దామంటున్నాం, హక్కులు వదులుకోకుండా అన్న మాట కూడా వేస్తున్నాం అని చెప్పాను.

రెండో ఉత్తరం జూన్ 24న స్పీడ్ పోస్ట్‌లో అక్నాలెడ్జ్‌మెంట్‌తో, ఈమెయిల్‌లో కూడా. పంపింది ఇంగ్లీషులో, ముఖ్యమైన భాగం తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"మీ జూన్ 17 జవాబు అందింది. 1,100 పెట్టెల గురించి మీ అభ్యంతరం మా రికార్డులో ఉంది, మా మొదటి ఉత్తరంలో దాన్ని ప్రస్తావించకపోవడం మా పొరపాటు. ఆ పెట్టెల విలువ 34,100 రూపాయలు ప్రస్తుతానికి ఈ డిమాండ్ నుంచి మినహాయిస్తున్నాం, మీ గోడౌన్‌లో ఇరుపక్షాలూ కలిసి చూసి తేల్చుకోవడానికి జూలై 1 నుంచి 5 మధ్య ఏ రోజైనా మేం సిద్ధం. మిగిలిన 4,05,900 రూపాయలపై మీ వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు, బిల్లువారీ లెక్క జత చేశాం. ఆ మొత్తం 2024 జూలై 9 లోపు మా ఖాతాలో జమ కావాలి. కాకపోతే జూలై 10న ఎంఎస్ఎంఈడీ చట్టం సెక్షన్ 18 కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందు సెక్షన్ 16 వడ్డీతో సహా క్లెయిమ్ దాఖలు చేస్తాం."

"దయచేసి" లేదు, "మీరు మనుషులేనా" కూడా లేదు. ఆయన చదివి ఈసారి ఏమీ అనలేదు, జూలై 9 అన్న చోట వేలు పెట్టి "ఈ తారీఖు దాటితే నిజంగా వేసేస్తారా" అని అడిగారు. క్లెయిమ్ ఫారం అప్పటికే నింపి ఉంచాను, చూపించాను. చిన్న యూనిట్ల బాకీ గొడవలు తేల్చే ఈ కౌన్సిల్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే మూడు లక్షలు దాటిన వ్యాపార వివాదం కాబట్టి కమర్షియల్ కోర్టుకి వెళ్ళాలన్నా అర్జెంటు ఉపశమనం ఏదీ అడగనప్పుడు ముందు మీడియేషన్ చేసి రావాల్సిందే, పైగా కోర్టు ఫీజు. ఇక్కడ అర్జీ ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. తీర్పు త్వరగా వస్తుందని మాత్రం ఎవరికీ మాటివ్వను.

ఇంకొక వాక్యం చివర ఉంది, నా అంచనాలో పని చేసింది అదే. "మీ ఆడిటర్ గారి సౌకర్యార్థం మా ఉద్యమ్ సర్టిఫికెట్ కాపీ జత చేస్తున్నాం." అంతే. దాని వెనక ఉన్నది అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 43బి(హెచ్). మైక్రో, స్మాల్ యూనిట్లకి సెక్షన్ 15 గడువు దాటి బాకీ ఉంచేస్తే ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోనివ్వరు, కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి, 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచే ఇది అమలు. మన నాలుగు బిల్లుల గడువులూ మార్చి 31 లోపే అయిపోయాయి. కంపెనీ ఆడిట్ అప్పుడే నడుస్తోంది. దీన్ని "మీకు పన్ను పడుతుంది జాగ్రత్త" అని బెదిరింపులా రాయమన్నారు ఓనర్ గారు, నేను వద్దన్నాను. ఎందుకంటే అకౌంట్స్ హెడ్‌కి ఇది మనం చెప్పక్కర్లేదు, సర్టిఫికెట్ చూస్తే చాలు, మైక్రో అన్న మాట కనపడగానే ఆయనే లెక్కేసుకుంటాడు, తను కనిపెట్టినట్టు ఎండీ దగ్గరికి తీసుకెళ్తాడు. మనం బెదిరిస్తే అదే మనిషి మనకి ఎదురు నిలబడతాడు.

జూలై 2న ఆ అకౌంట్స్ హెడ్ నుంచే ఫోన్ వచ్చింది, మొదటిసారి వాళ్ళంతట వాళ్ళు చేసిన ఫోన్. 4న 2,05,900 ఆర్‌టీజీఎస్ పడింది, మిగతా రెండు లక్షలు 12న. అంటే గడువుకి మూడు రోజులు ఆలస్యం. 10వ తేదీ పొద్దున ఓనర్ గారు నా ఆఫీసు మెట్ల మీదే ఉన్నారు, వేసేయమని. సగం డబ్బు గడువులోపే వచ్చింది, మిగతాది 12న వేస్తామని 9 సాయంత్రమే మెయిల్ పెట్టారు, కాబట్టి రెండు రోజులు ఆగుదాం, కానీ ఆగుతున్నామని రాతలో చెబుదాం అన్నాను. "12వ తేదీ వరకు మాత్రమే, ఆ తర్వాత మళ్ళీ తెలియజేయకుండా దాఖలు చేస్తాం" అని రెండు లైన్ల మెయిల్ పంపాం.

పెట్టెల సంగతి గోడౌన్‌లోనే తేలింది. అక్కడికి వెళ్ళి చూస్తే ప్యాలెట్లు లేకుండా తడి నేల మీదే పేర్చి ఉన్నాయి, కాబట్టి తప్పు పూర్తిగా మనదే కాదు, ఆర్డర్‌లోనూ ఐదు ప్లై అని ఉంది కానీ జీఎస్ఎమ్ రాసి లేదు. సగం సగం అని చేతులు కలిపారు, 17,050కి క్రెడిట్ నోట్ ఇచ్చాం, మిగతా 17,050 జూలై చివర్లో వచ్చింది. వడ్డీ మాత్రం రాలేదు. చట్టం ప్రకారం అడగొచ్చు, నేను చెప్పాను, ఆయన వద్దన్నారు, ఆర్డర్లు ముఖ్యమన్నారు. అది ఆయన వ్యాపారం, ఆయన నిర్ణయం.

దసరా ముందు మళ్ళీ ఆర్డర్ వచ్చింది, చిన్నదే, ఈసారి అందులో పేమెంట్ 45 రోజులు అని, జీఎస్ఎమ్ 180 అని రెండూ రాసి ఉన్నాయి. ఆర్డర్ కాపీ వాట్సాప్ చేసి "చూశారా సార్" అని పెట్టారు ఓనర్ గారు. బిల్లు అడుగున 24 శాతం లైను తీసేశారా అని అడిగా. పాత బిల్లు బుక్కులు ఇంకా రెండు మిగిలాయి, అవి అయ్యాక మారుస్తానన్నారు.